వీసాకి రాసే ఇంగ్లిష్ పరీక్ష వేరు, అడ్మిషన్‌కి రాసేది వేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో చాలా ఏళ్లుగా ఐఈఎల్‌టీఎస్ చెబుతున్నాను. కొత్తగా చేరేవాళ్లు మొదటి రోజే "ఎన్ని బ్యాండ్లు కావాలి సార్?" అంటారు. "ఆ కాగితం ఎవరికి చూపిస్తావు?" అని నేను ఎదురు అడుగుతాను. యూనివర్సిటీకి చూపించేదీ, వీసా ఆఫీసుకి చూపించేదీ ఒకటే అనుకుని ఫీజు కట్టి, పరీక్ష బాగా రాసి కూడా మళ్లీ మొదటికి వచ్చినవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను. అలాంటివాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి. మనవాళ్లు తికమకపడేది ఎక్కువగా బ్రిటన్, కెనడాల విషయంలోనే కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను.

అసలు తేడా ఏమిటి? ఇంగ్లిష్ ఇంగ్లిషే కదా?

ఇంగ్లిష్ ఒకటే, చూసేవాళ్లు వేరు. మీరు క్లాసులో పాఠం అర్థం చేసుకుని అసైన్‌మెంట్ రాయగలరా అన్నది యూనివర్సిటీకి కావాలి. సరిపోతారనిపిస్తే ఒక అర బ్యాండు తక్కువైనా సర్దుకునే స్వేచ్ఛ వాళ్లకు చాలాసార్లు ఉంటుంది. వీసా ఆఫీసుకు ఆ స్వేచ్ఛ లేదు. వాళ్ల జాబితాలో ఉన్న పరీక్షేనా, వాళ్లు ఒప్పుకున్న సెంటర్లోనే రాశారా, రాసిన మనిషీ పాస్‌పోర్టులో మనిషీ ఒకరేనా, గడువు లోపలే ఉందా అని వరుసగా చూస్తారు. వీటిలో ఒక్కటి తప్పినా మీకు ఎనిమిది బ్యాండ్లు వచ్చాయన్నది లెక్కలోకి రాదు.

బ్రిటన్‌లో ఇంత కట్టుదిట్టం రావడానికి ఒక కథ ఉంది. 2014లో బీబీసీ పనోరమా కార్యక్రమం లండన్‌లోని కొన్ని సెంటర్లలో ఒకరి బదులు ఇంకొకరు టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయడాన్ని రహస్యంగా చిత్రీకరించి చూపించింది. ఆ తర్వాత వేలాదిమంది విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. తప్పేమీ చేయనివాళ్లు కూడా అందులో ఇరుక్కుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. పరీక్ష నడిపిన ఈటీఎస్ బ్రిటన్ వీసా పరీక్షల నుంచి తప్పుకుంది. అందుకే ఈటీఎస్ వాళ్లదే అయిన టోఫెల్ యూనివర్సిటీలకు పనికొచ్చినా బ్రిటన్ వీసాకు పనికిరాదు. 2015 ఏప్రిల్ నుంచి వీసా కోసం విడిగా యూకేవీఐ ఐఈఎల్‌టీఎస్ నడుస్తోంది. యూకేవీఐ అంటే బ్రిటన్‌లో వీసాలు, ఇమిగ్రేషన్ చూసే విభాగం.

యూకేవీఐ ఐఈఎల్‌టీఎస్ అంటే ఇంకా కష్టమైన పరీక్షా?

కాదు. ప్రశ్నల తీరు, సమయం, మార్కులు వేసే పద్ధతి అన్నీ మామూలు ఐఈఎల్‌టీఎస్‌వే. బ్రిటన్ హోం ఆఫీసు ఆమోదించిన సెంటర్లోనే, అదనపు నిఘా మధ్య రాయాలి. ఫీజు కూడా ఎక్కువ. ఫలితం వచ్చాక స్కోరు కాగితం మీద మామూలు నంబరుతో పాటు యూకేవీఐ నంబరు విడిగా ఉంటుంది. మీరు ఎక్కువ కట్టేది ఆ నంబరు కోసమే అనుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. మామూలు ఐఈఎల్‌టీఎస్ రాసేశాక దాన్ని యూకేవీఐగా మార్చే దారి లేదు, తేడా డబ్బు కడతానన్నా కుదరదు. యూకేవీఐ అకడమిక్ రాసి ఆ కాగితాన్ని యూనివర్సిటీకి చూపించడానికి మాత్రం ఇబ్బంది లేదు.

బుక్ చేసేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

మొదటి స్క్రీన్లోనే. ఐఈఎల్‌టీఎస్ బుకింగ్ పేజీలో ఊరూ తేదీ కంటే ముందు పరీక్ష రకం ఎంచుకోమంటుంది. `IELTS`, `IELTS for UKVI`, `IELTS Life Skills` వేరువేరు వరుసలు. మొదటి రెండింట్లోకి వెళ్లాక మళ్లీ `Academic`, `General Training` అని చీలుతుంది. తొందరలో ఉన్నవాళ్లు పైనున్నదే నొక్కేసి, హైదరాబాదులో శనివారం స్లాట్ దొరుకుతుందా లేదా అన్నదాని మీదే మనసు పెడతారు. స్లాట్ దొరికిన సంతోషంలో పైన ఏముందో మళ్లీ చూడరు. డబ్బు కట్టే బటన్ నొక్కే ముందు వచ్చే పేజీని ఫోటో తీసి, ఈ వీసా వ్యవహారం తెలిసిన మనిషికి పంపించండి. ఐదు నిమిషాల పని.

రెండో తప్పు పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఒకరికి అసలు పేరుతో కలిసిపోయి ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టో, ఆధార్‌లో ఉన్నట్టో రాయకండి. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏ అక్షరాలున్నాయో ఆ గడిలో అవే రాయండి. అడ్మిషన్ దగ్గరైతే చిన్న తేడాకి ఒక ఈమెయిల్‌తో సర్దుబాటు అవుతుంది. వీసా ఫైల్లో అదే తేడా కనిపిస్తే రాసింది మీరేనా అన్న అనుమానానికి దారి తీస్తుంది. బుక్ చేశాక పాస్‌పోర్టు రెన్యువల్ అయి నంబరు మారితే, పరీక్ష రోజుకు ముందే సెంటర్‌కి చెప్పి మార్పించుకోవాలి.

మూడోది ఈమెయిల్. కన్సల్టెన్సీ వాళ్లు "మేం బుక్ చేస్తాం" అని వాళ్ల ఈమెయిల్‌తోనే అకౌంట్ తెరుస్తారు. మా బంధువుల అబ్బాయికి ఇలాగే జరిగింది. కన్సల్టెన్సీతో ఫీజు గొడవ వచ్చేసరికి స్కోరు చూసుకునే పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. బుకింగ్ ఎవరు చేసినా ఈమెయిల్, ఫోన్ నంబరు మీవే ఉండాలి.

బ్రిటన్‌లో మాస్టర్స్‌కి వెళ్తున్నాను. స్టూడెంట్ వీసా కూడా వీసాయే కదా, యూకేవీఐ తప్పనిసరా?

చాలామందికి తప్పనిసరి కాదు. ఇమిగ్రేషన్ నిబంధనలు పాటించడంలో మంచి రికార్డు ఉన్న ఉన్నత విద్యాసంస్థలు, డిగ్రీ స్థాయి, ఆ పైస్థాయి కోర్సులకు మీ ఇంగ్లిష్‌ను తామే అంచనా వేసుకోవచ్చు. పేరున్న యూనివర్సిటీల్లో చాలావాటికి ఈ వెసులుబాటు ఉంది. వాళ్లు మామూలు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ చూసి, "ఇంగ్లిష్ మేం చూసుకున్నాం" అని మీ క్యాస్‌లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణలో రాస్తారు. వీసా ఆఫీసు ఆ మాట మీద నడుస్తుంది.

ఫౌండేషన్ కోర్సుకో, మాస్టర్స్‌కి ముందు చేసే ప్రీ-సెషనల్ ఇంగ్లిష్ కోర్సుకో వెళ్తుంటే ఈ వెసులుబాటు లేదు. అక్కడ యూకేవీఐ లాంటి ఆమోదిత పరీక్షే కావాలి. మా దగ్గర చదివిన ఒకమ్మాయికి అకడమిక్‌లో రైటింగ్ 5.5 వచ్చింది. యూనివర్సిటీ అడిగింది 6. "ఫర్వాలేదు, ముందు ప్రీ-సెషనల్ చేసి రండి" అని ఆఫర్ ఇచ్చారు. ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ కోర్సుకి క్యాస్ ఇవ్వాలంటే యూకేవీఐ స్కోరు ఉండాలని తెలిసింది మూడు వారాల తర్వాత. ఇంగ్లిష్ తక్కువని కోర్సు ఇచ్చి, ఆ కోర్సుకి ఇంకో పరీక్ష రాయమంటారా అని వాళ్ల నాన్నగారు నా మీద మండిపడ్డారు. వినడానికి వింతగానే ఉంటుంది, కానీ నిబంధన అది.

కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఇంగ్లిష్ షరతు ఉన్న పేరా పూర్తిగా చదవండి. అందులో సెల్ట్ అనో, యూకేవీఐ అనో ఉంటే మామూలుది సరిపోదు. సెల్ట్ అంటే హోం ఆఫీసు ఆమోదించిన ఇంగ్లిష్ పరీక్ష. స్కోరు కాస్త అటూ ఇటూ అవుతుందన్న భయం ఉంటే మొదటే యూకేవీఐ అకడమిక్ రాయమని చెబుతాను. రెండు ఫీజులు కట్టడం కంటే ఒక పెద్ద ఫీజు నయం.

ఉద్యోగ వీసా మీద బ్రిటన్ వెళ్లేవాళ్లకి?

స్కిల్డ్ వర్కర్ వీసాకి కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లు 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయి చూపించాలి. అంతకుముందు బీ1 సరిపోయేది. ఇవి యూరప్ భాషా కొలమానంలోని మెట్లు: కింద ఏ1, దానిపైన వరుసగా ఏ2, బీ1, బీ2. యూకేవీఐ ఐఈఎల్‌టీఎస్‌లో బీ1 అంటే ప్రతి విభాగంలో 4, బీ2 అంటే ప్రతి విభాగంలో 5.5. ఓవరాల్ ఎంత వచ్చినా లాభం లేదు, ఒక్క విభాగంలో 5 వచ్చినా ఆగిపోయినట్టే. అకడమిక్, జనరల్ ఏది రాసినా ఒప్పుకుంటారు, కాకపోతే యూకేవీఐదే కావాలి.

"మా బీటెక్ ఇంగ్లిష్ మీడియమే" అన్న మాట కొంతవరకే పనికొస్తుంది. కాలేజీ ఇచ్చే మీడియం సర్టిఫికెట్‌ని కొన్ని యూనివర్సిటీలు అడ్మిషన్‌కి తీసుకుంటాయి. వీసాకి అది చాలదు. మన డిగ్రీ బ్రిటన్ డిగ్రీకి సమానమనీ, ఇంగ్లిష్‌లోనే చదివామనీ ఎక్టిస్ అనే సంస్థ నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. అది వస్తే పరీక్ష రాయక్కర్లేదు.

మా అమ్మాయి పెళ్లి చేసుకుని లండన్ వెళ్తోంది. ఆమెకు కూడా నాలుగు విభాగాల పరీక్షా?

అక్కర్లేదు. చదువు పరీక్షల్లో లేనిదీ వీసా పరీక్షల్లో ఉన్నదీ ఇదే. భార్యాభర్తల వీసాకి వినడం, మాట్లాడడం వస్తే చాలు. రాయడం, చదవడం అడగరు. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ ఏ1 ఇందుకోసమే ఉంది. ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఎగ్జామినర్ ఎదురుగా ఇద్దరు అభ్యర్థులు కూర్చుంటారు. ఎగ్జామినర్‌తో మాట్లాడాలి, పక్కనున్న అభ్యర్థితోనూ మాట్లాడాలి. మీ ఊరేది, వారాంతంలో ఏం చేస్తారు లాంటి మాటలే ఉంటాయి. పక్కవాళ్లు చెప్పింది విని దానికి తగ్గట్టు బదులివ్వడం కూడా పరీక్షలో భాగమే. మన ఆడపిల్లలు అక్కడ మర్యాదకి మౌనంగా ఉండిపోతుంటారు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు సాధన చేయిస్తే ఆ బెరుకు పోతుంది.

దీనికి బ్యాండ్లు ఉండవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. అందుకే ఈ కాగితం ఏ యూనివర్సిటీకీ పనికిరాదు. అక్కడికి వెళ్లాక రెండున్నరేళ్లకు వీసా పొడిగించేటప్పుడు ఏ2, ఐదేళ్లకు స్థిర నివాసం అడిగేటప్పుడు బీ1 చూపించాలి. ఒకేసారి పై స్థాయి పాసైతే కింది స్థాయికి కూడా అదే చెల్లుతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు ఏ1 రాయడం ఎందుకని నేను అంటాను.

కెనడాకి అకడమిక్ రాశాను. పీఆర్‌కి అదే వాడుకోవచ్చా?

వాడుకోలేరు. పాయింట్లు లెక్కగట్టి పీఆర్‌కి ఆహ్వానించే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఇంగ్లిష్‌లో మూడే పరీక్షలు: ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్. ఈ మూడోదాన్ని 2024 జనవరి చివర్లో చేర్చారు. పేరు చూసి మోసపోకండి, పీటీఈ అకడమిక్ వేరు, పీటీఈ కోర్ వేరు.

2024 నవంబర్ 1 నుంచి ఇంకో మెలిక వచ్చింది. చదువయ్యాక ఇచ్చే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కి కూడా భాషా పరీక్ష పెట్టారు. యూనివర్సిటీ డిగ్రీ చేసినవాళ్లకు సీఎల్‌బీ 7, కాలేజీ కోర్సు చేసినవాళ్లకు సీఎల్‌బీ 5. సీఎల్‌బీ అంటే కెనడా వాళ్ల భాషా కొలమానం. దీనికీ అకడమిక్ చెల్లదు. కెనడాలోనే రెండేళ్లు ఇంగ్లిష్‌లో చదివి పాసైనా, మళ్లీ జనరల్ లాంటి ఆ మూడింటిలో ఒకటి రాయాల్సిందే.

ఒక ఉదాహరణ లెక్క వేసి చెప్పండి.

మా పాత విద్యార్థిని ఒకామెది చెబుతాను. గుంటూరు దగ్గర బీటెక్ చేసింది, పెళ్లి కాలేదు. 2023 జూన్‌లో ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసి, 2024 జనవరిలో ఒంటారియోలో రెండేళ్ల కాలేజీ డిప్లొమాలో చేరింది. 2025 చివర్లో కోర్సు ముగింపుకి వచ్చింది. పాత స్కోరు రెండు విధాలా పనికిరాలేదు. రకమే తప్పు, పైగా రెండేళ్ల గడువు జూన్‌లోనే దాటింది.

వర్క్ పర్మిట్‌కి ఆమెకు కావలసింది సీఎల్‌బీ 5. అంటే జనరల్‌లో రీడింగ్ 4, మిగతా మూడూ 5. అది పెద్ద విషయం కాదు. కానీ అదే కాగితం రేపు పీఆర్‌కి కూడా వాడాలనుకుంది, అక్కడ గురి సీఎల్‌బీ 9. దానికి లిజనింగ్ 8, మిగతా మూడూ 7 చొప్పున రావాలి. 2025 నవంబర్‌లో రాస్తే మూడింటిలో 7 వచ్చింది, లిజనింగ్ 7.5 దగ్గర ఆగింది.

ఆ అర బ్యాండు ఎంత ఖరీదో చూడండి. లిజనింగ్ సీఎల్‌బీ 8కి పడిపోతే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆ విభాగానికి వచ్చే పాయింట్లు 31 బదులు 23, అంటే 8 పోయాయి. నాలుగూ 9 ఉంటే బీటెక్‌తో పాటు డిప్లొమా ఉన్నందుకు చదువు–భాష కలిపి 50 పాయింట్లు వస్తాయి, ఒక్కటి తగ్గినా 25. మొత్తం 33 పాయింట్లు.

అప్పుడు ఆమెకు వచ్చిన ఆలోచన వన్ స్కిల్ రీటేక్. అంటే కంప్యూటర్ మీద రాసినవాళ్లు అరవై రోజుల లోపు ఒక్క విభాగమే మళ్లీ రాసుకోవడం. చాలా యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకుంటాయి. కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఒప్పుకోదు, నాలుగు విభాగాలూ ఒకే విడతలో రాసినవై ఉండాలి. ఫోన్లో ఈ మాట చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే సార్, పూర్తిగా రాస్తా" అంది. వర్క్ పర్మిట్‌కి మొదటి కాగితమే పెట్టి, పీఆర్ కోసం డిసెంబర్‌లో మళ్లీ మొత్తం రాయమన్నాను. ఆ ఫలితానికి 2027 డిసెంబర్ దాకా గడువు. 2026 ఫిబ్రవరిలో ఉద్యోగం మొదలైతే పీఆర్‌కి కావలసిన ఏడాది అనుభవం 2027 ఫిబ్రవరికి పూర్తవుతుంది. ఆ తర్వాత ఆహ్వానం రావాలి, వచ్చాక అరవై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. స్కోరు ప్రొఫైల్ పెట్టిన రోజునే కాదు, పీఆర్ దరఖాస్తు పెట్టే రోజున కూడా బతికి ఉండాలి. ఈ లెక్కలో దాదాపు పది నెలలు చేతిలో ఉంటాయి.

జనరల్ తేలిక అంటారు, నిజమేనా?

లిజనింగ్, స్పీకింగ్ రెండింటికీ ఒకటే. రైటింగ్‌లో మొదటి ప్రశ్న అకడమిక్‌లో గ్రాఫో పట్టికో వివరించడం, జనరల్‌లో ఉత్తరం. రీడింగ్‌లో జనరల్ పాఠాలు తేలికే, కానీ మార్కులు గట్టిగా వేస్తారు. నలభైకి 30 సరైనవైతే అకడమిక్‌లో సుమారు 7 బ్యాండు, జనరల్‌లో 6. జనరల్‌లో 7 కావాలంటే 34 దాకా రావాలి. తేలిక అనుకుని చదవకుండా వెళ్లినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలు?

డ్యూలింగో, టోఫెల్ హోం ఎడిషన్ వంటివి అడ్మిషన్ వరకే. బ్రిటన్, కెనడా వీసా ఆఫీసులు పరీక్ష కాగితం అడిగే చోట సెంటర్‌కి వెళ్లి రాసినవే కావాలి.

ఫలితం ఎవరికి, ఎలా వెళ్తుంది?

చదువు పరీక్షల్లో పంపించే పని పరీక్ష సంస్థది. టోఫెల్ రాసేముందే నాలుగు యూనివర్సిటీలు ఎంచుకుంటే ఈటీఎస్ ఉచితంగా వాళ్లకు నేరుగా పంపుతుంది, ఆపై ఒక్కోదానికి ఫీజు. డ్యూలింగోలో ఎన్నింటికైనా ఉచితమే. ఐఈఎల్‌టీఎస్‌లో యూనివర్సిటీల పేర్లు ఇవ్వొచ్చు, లేదా వాళ్లే మీ టీఆర్‌ఎఫ్ నంబరుతో, అంటే స్కోరు కాగితం మీది మామూలు నంబరుతో వెబ్‌సైట్‌లో సరిచూసుకుంటారు.

వీసాలో నంబరు ఇచ్చే బాధ్యత మీది. బ్రిటన్ దరఖాస్తులో యూకేవీఐ నంబరు మీరే టైప్ చేస్తారు, హోం ఆఫీసు పరీక్ష సంస్థ రికార్డుల్లో చూసుకుంటుంది. దాని బదులు టీఆర్‌ఎఫ్ నంబరు కొట్టేవాళ్లు చాలామంది. రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి పైన ఏ పేరు రాసి ఉందో చూసి కొట్టండి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో నంబరు, తేదీ, నాలుగు స్కోర్లు ముందు ప్రొఫైల్‌లో నింపి, ఆహ్వానం వచ్చాక కాగితం స్కాన్ అప్‌లోడ్ చేస్తారు. ప్రొఫైల్‌లో నింపినదానికీ కాగితానికీ తేడా ఉండకూడదు. పీటీఈ కోర్ అయితే ఇంకో మెట్టు ఉంది. మీ పీటీఈ అకౌంట్‌లోంచి ఫలితాన్ని కెనడా ఇమిగ్రేషన్ శాఖకు పంపించాలి. పీడీఎఫ్ పెట్టేసి ఇది మరిచిపోయేవాళ్లున్నారు.

రెండేళ్లు దాటితే ఇక చెత్తబుట్టేనా?

వెంటనే పారేయకండి. బ్రిటన్‌లో స్థిర నివాసం అడిగినప్పుడు మీ బీ1 కాగితాన్ని హోం ఆఫీసు ఒప్పుకుని ఉంటే, తర్వాత పౌరసత్వానికి గడువు తీరిన అదే కాగితం చెల్లుతుంది. ఫైల్లో దాచుకోండి.

అమెరికా సంగతేమిటి?

అక్కడ ఈ బాధ లేదు. ఎఫ్1 వీసాకి కాన్సులేట్ ప్రత్యేకంగా పరీక్ష స్కోరు అడగదు, యూనివర్సిటీ ఒప్పుకుంటే చాలు. అయితే విద్యార్థుల వీసా ఇంటర్వ్యూ సాధారణంగా ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. కిటికీ అవతల ఆఫీసర్ అడిగింది అర్థం కాక "పార్డన్?" అని మూడోసారి అన్నవాడి చేతిలో 7.5 స్కోరు కార్డు ఉన్నా, ఆయన దాన్ని తీసి చూడడు.